వారంటీలో ఉన్న వాషింగ్ మెషీన్‌లో అదే లోపం మళ్లీ మళ్లీ వస్తుంటే: సర్వీస్ సెంటర్‌కు లేఖపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. హనుమకొండలో ఒక ఇల్లు. 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్, 2023 ఆగస్టు 14న కొన్నారు, రెండేళ్ల వారంటీ. 2025 ఫిబ్రవరి నుంచి ఒకటే గోల: ఉతకడం అయ్యాక నీళ్లు బయటికి పోవు, స్పిన్ మొదలవదు, తెర మీద కోడ్ వచ్చి మెషీన్ ఆగిపోతుంది. టెక్నీషియన్ మూడుసార్లు వచ్చి వెళ్లాడు. మే నెలాఖరులో మళ్లీ అదే పరిస్థితి. ఇప్పుడు రాయాల్సిన లేఖ గురించే ఈ ప్రశ్నలన్నీ.

ఫోన్‌లో కంప్లయింట్ ఇస్తూనే ఉన్నాం కదా, మళ్లీ లేఖ ఎందుకు?

మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ సాధారణంగా కొత్త కంప్లయింట్ నంబరు పుడుతుంది. టెక్నీషియన్ వచ్చి వెళ్లగానే అది ‘పరిష్కారమైంది’ అని మూసేస్తారు. మీ లెక్కలో అది నాలుగు నెలలుగా తీరని ఒకే బాధ. కంపెనీ కంప్యూటర్‌లో మాత్రం విజయవంతంగా ముగిసిన మూడు వేర్వేరు పనులు. కాల్ సెంటర్‌లో ఫోనెత్తిన అమ్మాయి నాలుగోసారి కూడా ‘మీ సమస్య ఏంటండీ’ అని మొదటినుంచీ అడగడానికి కారణం ఇదే. ఆమె తప్పేం లేదు.

లేఖ చేయాల్సిన అసలు పని ఒక్కటే. విడివిడిగా మూసేసిన ఆ కంప్లయింట్లను తేదీల వారీగా ఒకే చోట పేర్చి, ఇది ఒకే లోపమని, ఇంతవరకు పోలేదని రాతపూర్వకంగా కంపెనీ ముందు పెట్టడం. కోపం, పరువు, ‘ఇంత పెద్ద కంపెనీ అయ్యుండి’ లాంటి మాటలు ఆ పనికి ఉపయోగపడవు.

రిపేరు అవ్వగానే టెక్నీషియన్ ఓటీపీ అడుగుతాడు. ఇవ్వాలా?

మెషీన్ పనిచేస్తోందని మీ కళ్లతో చూశాకే ఇవ్వండి. ఆ ఓటీపీ చెప్పారంటే సమస్య తీరిందని మీరు ఒప్పుకున్నట్టే రికార్డులో పడుతుంది. నీళ్లు పోని లోపానికి ఖాళీ డ్రమ్ముతో రెండు నిమిషాల స్పిన్ చాలదు. తడి బట్టలు వేసి, నీళ్లు నింపి, ఒక రిన్స్, ఆ వెంటనే స్పిన్ పూర్తయ్యేదాకా నడిపించమనండి. ఉన్నవాటిలో చిన్న ప్రోగ్రామ్ పెడితే అతన్ని ఎక్కువసేపు ఆపినట్టూ ఉండదు.

‘టైమ్ లేదు సార్, ఓటీపీ చెప్పేయండి, ఏదైనా ఉంటే నా నంబరుకే చేయండి’ అంటే మర్యాదగానే ఆపండి. అతనికీ రోజుకు ఇన్ని కాల్స్ మూయాలన్న ఒత్తిడి ఉంటుంది. కానీ అతని సొంత నంబరుకు చేసిన ఫోన్ కంపెనీ రికార్డులోకి ఎక్కదు. సంతకం చేయాల్సిన కాగితం ఉంటే, సంతకం పైన ‘లోపం పోయిందో లేదో రెండు మూడు ఉతుకుల తర్వాతే తెలుస్తుంది’ అని మీ చేత్తో రాసి సంతకం చేయండి. తెలుగులో రాసినా చెల్లుతుంది.

‘మొదటిసారి ఫిల్టరు, రెండోసారి పంపు, ఇవి వేర్వేరు కంప్లయింట్లు’ అంటున్నారు. ఒకే లోపమని ఎలా చెప్పాలి?

చాలా లేఖలు దెబ్బతినేది ఇక్కడే. లోపానికి మీరు కారణం పేరు పెడితే (‘పంపు మళ్లీ పోయింది’) కంపెనీ దాన్ని సులువుగా కొట్టిపారేస్తుంది. పంపు బాగానే ఉందని తేలితే మీ లేఖ మొత్తం తప్పయినట్టే. అందుకే కారణం జోలికి పోకుండా మీకు కనిపించేది మాత్రమే, ప్రతిసారీ ఒకే మాటల్లో రాయండి: ‘ఉతకడం అయ్యాక డ్రమ్ములో నీళ్లు నిలిచిపోతున్నాయి, స్పిన్ మొదలవదు, తెర మీద ఈ కోడ్ వస్తోంది.’ ఆ కోడ్‌కు ఫోటో తీసి పెట్టుకోండి. కారణం కనుక్కోవడం వాళ్ల పని. మూడుసార్లు మూడు కారణాలు చెప్పారంటే అసలు కారణం ఇంకా దొరకలేదనే అర్థం. లేఖలో ఆ మాట నేరుగా రాయొచ్చు.

కొత్త పంపు వేశాక కూడా ఇది తిరిగి రావడానికి వాస్తవంగా అవకాశం ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి. డ్రమ్ము బయటి తొట్టి నుంచి పంపుకు వచ్చే లావుపాటి రబ్బరు గొట్టంలో పిల్లల సాక్సో, కర్చీఫో ఇరుక్కుంటే అది ఒకసారి అడ్డం పడుతుంది, ఒకసారి పక్కకు జరుగుతుంది. ముందున్న ఫిల్టరు తీసి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. అలాగే పంపుకు కరెంటు తెచ్చే వైరు కనెక్టర్ మెషీన్ అదురుడుకు వదులవుతుంది. నీటి మట్టం చూసే ప్రెజర్ సెన్సర్‌కు ఒక సన్నని గొట్టం ఉంటుంది, అందులో సబ్బు జిడ్డు, నూగు చేరితే నీళ్లు పోయినా పోలేదనుకుని మెషీన్ ఆగిపోతుంది. ఇక మెషీన్‌ను నియంత్రించే సర్క్యూట్ బోర్డు, అంటే పీసీబీ మీద పంపును నడిపే భాగమే అప్పుడప్పుడూ మొరాయించవచ్చు.

మీరు గమనించి లేఖలో చేర్చగలిగిన ఒక్క వివరం వీటిని చాలావరకు విడదీస్తుంది. మెషీన్ ఆగినప్పుడు డ్రమ్ములో నీళ్లు నిజంగా ఉన్నాయా, లేవా? నీళ్లు లేకుండానే అదే కోడ్ వస్తే పంపు మార్చడం వల్ల ఒరిగేదేమీ ఉండదు, అనుమానం సెన్సర్ వైపు పోవాలి. నీళ్లు ఉంటే, పంపు ‘గుర్ర్’మని శబ్దం చేస్తోందా, అసలు చప్పుడే లేదా అని వినండి. శబ్దం ఉండి నీళ్లు కదలకపోతే ఎక్కడో అడ్డుంది. చప్పుడే లేకపోతే పంపుకు కరెంటు అందడం లేదు, లేదా పంపు కాలింది.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. గొట్టంలో సాక్సు దొరికితే దాన్ని ‘బయటి వస్తువు’ కింద వేసి వారంటీ వర్తించదనే అవకాశం ఉంది. అలాంటప్పుడు కూడా మూడుసార్లు వచ్చి దాన్ని చూడకపోవడం సర్వీసు లోపమే. ఆ భాగం మీ వాదనలో నిలుస్తుంది.

లేఖ రాసేముందు మన వైపు నుంచి చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

రెండు ఉన్నాయి. ఇవి చూసుకోకపోతే ‘మీ ఇంటి పైపు లైనే సరిగా లేదు’ అనే ఒక్క వాక్యంతో జవాబు వస్తుంది.

మొదటిది ఫిల్టరు. ప్లగ్గు తీసేసి, వేడినీళ్ల ఉతుకైతే చల్లారనిచ్చి, కింద మూలన ఉన్న చిన్న మూత తెరిచి వెడల్పాటి ట్రే పెట్టండి. పక్కన సన్నని గొట్టం ఉంటే ముందు దాంతో నీళ్లు వంపి, ఆ తర్వాతే ఫిల్టరు విప్పండి. లేదంటే బాత్రూమంతా నీళ్లే. నాణేలు, పిన్నులు, గుండీలు ఉంటే తీసి, ఫిల్టరు శుభ్రంగా ఉన్నట్టు తేదీ కనిపించేలా ఫోటో తీసుకోండి. వెనక ప్యానెల్ మాత్రం విప్పొద్దు.

రెండోది బకెట్ పరీక్ష. డ్రెయిన్ గొట్టం చివరను గోడ పైపులోంచి తీసి, మాన్యువల్‌లో చెప్పిన ఎత్తులోనే పట్టుకుని (చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్లకు ఇది నేల నుంచి రెండు నుంచి మూడు అడుగుల మధ్య ఉంటుంది) పెద్ద బకెట్‌లో పెట్టి, స్పిన్ ప్రోగ్రామ్ ఒక్కటే నడపండి. బకెట్‌లోకి నీళ్లు జోరుగా వచ్చి, గోడ పైపులో పెట్టినప్పుడు మాత్రం ఆగిపోతుంటే తప్పు మీ ఇంటి పైపుదే, ప్లంబర్‌ని పిలవండి. బకెట్‌లోకి కూడా రాకపోతే ఒక నిమిషం వీడియో తీయండి. మీ దగ్గరుండే సాక్ష్యాల్లో అన్నిటికన్నా బలమైనది అదే.

టెక్నీషియన్ చేసిన పని రాసిచ్చే కాగితాలు, అంటే జాబ్ షీట్లు ఇవ్వలేదు. పాత సందర్శనలకు రుజువేంటి?

ఫోన్‌లో ఎస్సెమ్మెస్‌లు వెతకండి. కంప్లయింట్ నంబరు వచ్చిన సందేశం, టెక్నీషియన్ పేరుతో వచ్చింది, ఓటీపీ, ‘మీ కంప్లయింట్ మూసివేశాం’ అన్నది, ఇవన్నీ తేదీతో సహా అందులోనే ఉంటాయి. కంపెనీ యాప్‌లోనూ, వాట్సాప్‌లోనూ సర్వీసు చరిత్ర కనిపించవచ్చు. వాటికి స్క్రీన్‌షాట్లు ఇప్పుడే తీయండి. మార్చిన పార్టు పేరు, నంబరు తెలియకపోతే లేఖలోనే ‘మార్చి 10న మార్చిన పార్టు వివరాలు, మూడు జాబ్ షీట్ల నకళ్లు పంపండి’ అని అడగండి. పంపితే మంచిది. పంపకపోయినా అడిగినట్టు రికార్డు ఉంటుంది.

లేఖ ఎవరి పేరున రాయాలి?

మీ ఊళ్లోని సర్వీస్ సెంటర్ చాలాసార్లు కంపెనీది కాదు, కంపెనీ తరఫున పనిచేసే స్థానిక ఏజెన్సీ. వారంటీ ఇచ్చింది తయారీ కంపెనీ. కాబట్టి లేఖ సర్వీస్ సెంటర్ మేనేజర్ గారికి రాసి, నకలు కంపెనీ కస్టమర్ కేర్‌కు, ఇంకో నకలు అమ్మిన షాపుకు పంపండి. కంపెనీ చిరునామా, ఈమెయిల్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. ప్యాకింగ్ మీద వినియోగదారుల ఫిర్యాదుల చిరునామా, ఫోన్, ఈమెయిల్ ముద్రించాలని చట్టమే చెబుతోంది. అట్టపెట్టె పాత సామాన్ల వాడికి వేసేసి ఉంటే వారంటీ కార్డు చూడండి.

ఆన్‌లైన్‌లో కొన్నట్టయితే ఆ వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కూడా పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

లేఖ నమూనా ఇవ్వగలరా?

మన హనుమకొండ ఉదాహరణకు రాస్తే ఇలా ఉంటుంది. చుక్కలున్న చోట మీ వివరాలు పెట్టుకోండి.

> తేదీ: 29-05-2025
>
> సర్వీస్ మేనేజర్ గారికి,
> ........ సర్వీస్ సెంటర్, హనుమకొండ.
>
> విషయం: వారంటీలో ఉన్న వాషింగ్ మెషీన్‌లో ఒకే లోపం నాలుగోసారి రావడం గురించి.
> మోడల్: ........ సీరియల్ నంబరు: ........ బిల్లు నంబరు, తేదీ: ........, 14-08-2023. వారంటీ ముగిసేది: 13-08-2025.
>
> అయ్యా,
>
> పై మెషీన్‌లో ఉతకడం పూర్తయ్యాక నీళ్లు బయటికి పోవడం లేదు. నీళ్లు డ్రమ్ములోనే నిలిచి, స్పిన్ మొదలవకుండా తెర మీద ........ కోడ్ వచ్చి ఆగిపోతోంది. ఆ సమయంలో పంపు చప్పుడు వినిపించడం లేదు. ఈ లోపంపై ఇప్పటివరకు జరిగింది ఇది:
>
> 03-02-2025, కంప్లయింట్ నం. ........: ఫిల్టరు శుభ్రం చేసి సరైందన్నారు.
> 10-03-2025, కంప్లయింట్ నం. ........: డ్రెయిన్ పంపు మార్చారు.
> 22-04-2025, కంప్లయింట్ నం. ........: డ్రెయిన్ గొట్టం సరిచేసి, మెషీన్‌లో లోపం లేదన్నారు.
> 28-05-2025, కంప్లయింట్ నం. ........: అదే లోపం, అదే కోడ్ మళ్లీ వచ్చింది.
>
> ఇవి నాలుగు వేర్వేరు ఫిర్యాదులు కావు. ఫిబ్రవరిలో చెప్పిన లోపమే ఇంతవరకు పోలేదు. ఫిల్టరు శుభ్రంగా ఉంది. గొట్టాన్ని గోడ పైపులోంచి తీసి బకెట్‌లో పెట్టి నడిపినా నీళ్లు రాలేదు. ఫోటో, వీడియో జతచేశాను.
>
> కాబట్టి నా విన్నపం:
> అనుభవమున్న సీనియర్ టెక్నీషియన్‌ను పంపి, తొట్టి నుంచి పంపుకు వచ్చే గొట్టం, పంపు వైరింగ్, నీటి మట్టం సెన్సర్, పీసీబీ పరీక్షించి, లోపానికి కారణమేమిటో రాసివ్వగలరు. రిపేరు తర్వాత బట్టలతో పూర్తి సైకిల్ నడిపి చూపగలరు. ఈ లేఖ అందిన పది రోజుల్లో ఈ పని జరగకపోయినా, రిపేరు తర్వాత ఇదే లోపం మళ్లీ వచ్చినా, మెషీన్ మార్చి కొత్తది ఇవ్వాలని లేదా డబ్బు తిరిగి చెల్లించాలని కోరుతున్నాను.
>
> మూడు జాబ్ షీట్ల నకళ్లు కూడా పంపగలరు. ఈ లోపాన్ని వారంటీ కాలంలోనే తెలియజేశానని దయచేసి నమోదు చేయండి.
>
> ఇట్లు,
> ........
> (చిరునామా, ఫోన్)
>
> నకలు: కంపెనీ కస్టమర్ కేర్; ........ ఎలక్ట్రానిక్స్, హనుమకొండ.
> జతపరచినవి: బిల్లు, వారంటీ కార్డు, ఎస్సెమ్మెస్‌ల స్క్రీన్‌షాట్లు, ఫోటోలు, వీడియో లింకు.

స్థానిక సెంటర్‌కు తెలుగులో రాస్తే చక్కగా సరిపోతుంది. కంపెనీ ప్రధాన కార్యాలయం వేరే రాష్ట్రంలో ఉంటే అదే లేఖకు ఇంగ్లిష్ ప్రతి కూడా ఈమెయిల్‌లో పెట్టండి, లేదంటే అర్థం కాలేదన్న సాకుతో వారం పోతుంది. ఈమెయిల్‌తోపాటు కాగితం మీద సంతకం చేసిన ప్రతిని పోస్టులో, అందినట్టు రుజువు వచ్చే పద్ధతిలో పంపండి. నేరుగా సెంటర్‌కు వెళ్లి ఇస్తే మీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

మొదటి లేఖలోనే కొత్త మెషీన్ అడగకూడదా? మూడుసార్లు రిపేరైతే మార్చి తీరాలని చట్టం ఉందటగా?

అలాంటి అంకె మన చట్టంలో లేదు. ఇన్ని రిపేర్లు దాటితే వస్తువు మార్చాల్సిందేనని కొన్ని దేశాల్లో కార్లకు నిబంధనలున్నాయి. ఆ మాటలు వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఇక్కడివే అన్నట్టు అయిపోయాయి. మన దగ్గర 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం సరిచేయమనీ, కొత్త వస్తువు ఇవ్వమనీ, డబ్బు తిరిగి ఇమ్మనీ, పరిహారం చెల్లించమనీ ఆదేశించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఏది ఇవ్వాలన్నది కేసును బట్టి వాళ్లు తేలుస్తారు. వారంటీ కార్డులు చూస్తే చాలావాటిలో రిపేరా, మార్పిడా అన్నది కంపెనీ ఇష్టమని రాసి ఉంటుంది.

అందుకే పై లేఖలో మెట్లు పెట్టాం: ముందు కారణం రాతలో, తర్వాత సరైన రిపేరు, గడువులోపు అది కాకపోతే మార్పిడి. నా అభిప్రాయంలో లేఖకు బలమిచ్చేది ‘కారణం రాసివ్వండి’ అన్న వాక్యమే. కారణం రాసిచ్చాక అదే లోపం మళ్లీ వస్తే వాళ్ల రాతే వాళ్లకు అడ్డం తిరుగుతుంది. రాసివ్వకపోతే కారణం తెలియకుండా పార్టులు మారుస్తున్నారని తేలిపోతుంది.

ఈ తంతు నడుస్తుండగా వారంటీ అయిపోతే?

లోపం మొదట చెప్పిన తేదీ వారంటీలో ఉంటే, అది తీరేదాకా బాధ్యత వాళ్లదేనని గట్టిగా అడగొచ్చు. లేఖలో చివరి వాక్యం అందుకే. కానీ రిపేరు చేసినంత మాత్రాన, పార్టు మార్చినంత మాత్రాన వారంటీ కాలం పెరగదని దాదాపు అన్ని కార్డుల్లోనూ ఉంటుంది. ‘మోటారుకు పదేళ్ల వారంటీ’ అన్న స్టిక్కరు చూసి ధీమాగా ఉండొద్దు. అది డ్రమ్మును తిప్పే మోటారుకు, డ్రెయిన్ పంపుకు కాదు.

‘వారంటీ అయిపోవస్తోంది, ఏఎంసీ తీసుకుంటే ఉచితంగా చేస్తాం’ అని ఆశ పెడతారు. ఏఎంసీ అంటే ఏటా డబ్బు కట్టి తీసుకునే నిర్వహణ ఒప్పందం. వారంటీలో ఉన్న లోపానికి ఏఎంసీ డబ్బు కట్టొద్దు.

బోరు నీళ్లు, ఎలుకలు, వోల్టేజీ వల్ల పోయిందంటున్నారు. ఏం చేయాలి?

ఒక్కోసారి నిజమే కావచ్చు. వైరును ఎలుక కొరికితే వారంటీ వర్తించదని చాలా కార్డుల్లో స్పష్టంగా ఉంటుంది. అయితే నోటిమాటతో సరిపెట్టనివ్వకండి. కొరికిన వైరు చూపించమనండి, ఫోటో తీయండి, అదే కారణమని జాబ్ షీట్‌లో రాయమనండి. ఉప్పునీళ్ల తెల్లపొర ప్రధానంగా హీటరు మీద, నీళ్లు వచ్చే వాల్వు దగ్గర పేరుకుంటుంది. డ్రెయిన్ లోపానికి అదెలా కారణమైందో అడిగితే సమాధానం చెప్పాల్సింది వాళ్లు. మూడోసారి వచ్చినప్పటిదాకా ఎత్తని నీళ్ల ప్రస్తావన నాలుగోసారి ఎత్తితే, ఆ సంగతి కూడా జవాబు ఈమెయిల్‌లో పెట్టండి.

పది రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. తర్వాత?

1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీని ఆదేశించలేరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. లేఖ, అందినట్టు రుజువు, కంప్లయింట్ నంబర్లు చేతిలో ఉంటే ఈ దశలోనే తేలిపోయే అవకాశం బాగా ఉంటుంది.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడుందన్నది అడ్డు కాదు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష కావాల్సినదాన్ని అయిదు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం చెబుతుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని దిగండి. తయారీలోనే లోపం ఉందని నిరూపించడానికి కమిషన్ నిపుణుడి నివేదిక అడగవచ్చు. ఒకే లోపానికి వరుసగా వచ్చిన జాబ్ షీట్లు, కారణం రాసివ్వమన్న లేఖ అప్పుడు పనికొస్తాయి.

ఇన్నాళ్లు వాడినందుకు తరుగు తీసేసి కొత్తది ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ముందు ఆ మాట ఈమెయిల్‌లో పెట్టమనండి: ఏ మోడల్, మీరు కట్టాల్సింది ఎంత, తరుగు ఏ తేదీ వరకు లెక్కించారు, కొత్తదానికి వారంటీ పూర్తిగా వస్తుందా లేక పాతదాంట్లో మిగిలిన రోజులేనా. తరుగును మొదటి ఫిర్యాదు తేదీ వరకే లెక్కించమని అడగండి. మన ఉదాహరణలో అది 2025 ఫిబ్రవరి 3. ఆ తర్వాత మెషీన్ సరిగా వాడుకోనివ్వని నెలలకు కూడా తరుగు తీయడం న్యాయం కాదు. కేసుకు పట్టే కాలం, ఇంట్లో చేత్తో ఉతికే శ్రమ లెక్కేసుకుంటే, తరుగు కొద్దిగా ఉండి పూర్తి వారంటీ ఇచ్చే ప్రతిపాదన తీసుకోవడమే మేలనిపిస్తుంది.

ఈలోపు బయటి మెకానిక్‌తో చేయించుకోవచ్చా?

లేఖకు తుది జవాబు వచ్చేదాకా వద్దు. ప్యానెల్ విప్పిన ఆనవాలు కనిపిస్తే వారంటీ రద్దంటారు, పైగా లోపం ఎవరివల్ల వచ్చిందన్న తగువు కొత్తగా మొదలవుతుంది. అత్యవసరంగా డ్రమ్ములో నిలిచిన నీళ్లు తీయాలంటే కింది మూత దగ్గరి సన్నని గొట్టంతో వంపుకోండి. అది మాన్యువల్‌లో ఉన్న పనే, దానివల్ల వారంటీకి ఏమీ కాదు.